తిరుమల దిగిన పది నిమిషాలకి బ్రేక్ పెడల్ నేలకి ఆనింది, మర్నాటికి మామూలైంది. బ్రేక్ ఆయిల్లో నీరు చేరిందా?

నెల్లూరు_నవ్య | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నిన్న జరిగింది తలుచుకుంటే ఇంకా గుండె దడగానే ఉంది. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏడేళ్ల బండి, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మ, నాన్న, బాబు, మేమిద్దరం, డిక్కీ నిండా సామాను. దర్శనం అయ్యాక మధ్యాహ్నం రెండింటికి కొండ దిగడం మొదలుపెట్టాం. గడువు కంటే ముందు దిగితే జరిమానా వేస్తారని మావారు మూడో గేరులో, కాలు బ్రేక్ మీదే ఉంచి నెమ్మదిగా దింపారు. దారంతా బ్రేకులు బాగానే పట్టాయి. చివరి మలుపుల్లో మాత్రం కొంచెం కాలిన వాసన వచ్చింది.

కిందికి వచ్చాక బండి పక్కన ఆపి టీ తాగాం. పది నిమిషాలు అయ్యుంటుంది. మళ్లీ బయల్దేరి మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేక్ నొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోయింది. బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగి ఆపారు. నాలుగైదు సార్లు గబగబా నొక్కితే కాస్త పట్టింది. భయమేసి గంటసేపు అక్కడే ఉండిపోయాం. తర్వాత మెల్లగా లాడ్జికి చేరాం. ఈ రోజు పొద్దున చూస్తే పెడల్ గట్టిగా, ఎప్పటిలాగే ఉంది!

షెడ్డులో చూపిస్తే ప్యాడ్లు సగం ఉన్నాయి, లీకు లేదు, డబ్బాలో ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది, ఏమీ లేదు మేడమ్ అన్నారు. పాత బిల్లులన్నీ తీసి చూశాను. బ్రేక్ ఆయిల్ టాపప్ అని రెండుసార్లు ఉంది. మార్చినట్టు ఒక్కసారీ లేదు. మా తమ్ముడేమో ఆయిల్లో నీరు చేరి మరిగిపోయి ఉంటుంది అంటున్నాడు. మూత బిగించి ఉన్న డబ్బాలోకి నీరెలా వస్తుంది? సీసా మీద 230, 155 అని రెండు అంకెలు ఉన్నాయి. వాటిలో మాకు వర్తించేది ఏది?

డీజిల్_బుల్లోడు | ఆదివారం, రాత్రి 10:05

అక్కా, అది బ్రేక్ ఫేడ్. కాలిన వాసన వచ్చిందంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోయింది, చల్లారాక తిరిగొచ్చింది. ఘాట్లలో అందరికీ జరిగేదే. మంచి ప్యాడ్లు వేయించుకోండి. ఇంకా భయంగా ఉంటే డాట్ 4 తీసేసి డాట్ 5 పోయించండి. అది 260 డిగ్రీల దాకా మరగదు, పైగా నీరే పీల్చదు. ఒక్కసారి పోస్తే ఇక చూడక్కర్లేదు.

లారీ_వెంకటేశు | ఆదివారం, రాత్రి 10:31

మాది పది టైర్ల బండి. బ్రేకుల్లో నీరు చేరడం మాకు రోజూ ఉండేదే. పొద్దున బండి తీసే ముందు ఎయిర్ ట్యాంకు కింద కాక్ తిప్పితే నీళ్లు బుస్సుమని పోతాయి. వానాకాలంలో ఇంకా ఎక్కువ. మీరు కూడా వారానికోసారి కింద నుంచి నీళ్లు వదిలేయండి, సరిపోతుంది.

పాత_స్పానర్ | సోమవారం, ఉదయం 6:15

నవ్యమ్మా, మీవారు హ్యాండ్ బ్రేక్ అందుకోవడం మంచిదైంది. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో చేశాను కాబట్టి చెబుతున్నాను, మీరు రాసిన గుర్తుల్లో రెండు మాటలు చాలు. పెడల్ మెత్తగా నేలకి పోయింది. అదీ బండి ఆపిన పది నిమిషాలకి.

బుల్లోడు చెప్పిన ఫేడ్ కూడా ఉంటుంది. కానీ ఫేడ్ అయితే పెడల్ గట్టిగానే ఉంటుంది. ఎంత బలంగా తొక్కినా రాయిలా నిలబడుతుంది, బండి మాత్రం ఆగదు. ఎందుకంటే ఆయిల్ తన పని చేసి ప్యాడ్‌ని డిస్క్ మీదికి నొక్కుతూనే ఉంటుంది, పోయింది ప్యాడ్ పట్టు. మీకు జరిగింది వేరు. మీ కాలి బలం ప్యాడ్ దాకా చేరనే లేదు. మధ్యలో ఆవిరి బుడగలున్నాయి. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. మీవారు తొక్కిందంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయింది. నాలుగైదు సార్లు గబగబా నొక్కితే కాస్త పట్టిందన్నారు కదా, ప్రతి నొక్కుకీ పైనుంచి ఇంకొంచెం ఆయిల్ లైన్లోకి చేరింది, అందుకని. చల్లారాక ఆవిరి తిరిగి ద్రవమైపోయింది, షెడ్డువాళ్లకి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

మరి దిగుతున్నంతసేపూ పనిచేసి, ఆపాక ఎందుకు పోయింది? దీనికి రెండు కారణాలు కలిశాయి. దిగేటప్పుడు డిస్క్ మూడు నాలుగు వందల డిగ్రీలకి చేరినా గాలి తగులుతూ ఉంటుంది. పైగా కాలు బ్రేక్ మీదే ఉంటే లైన్లో ఒత్తిడి ఉంటుంది, ఒత్తిడిలో ఉన్న ద్రవం అంత తేలిగ్గా మరగదు. ప్రెషర్ కుక్కర్ సంగతి మీకు తెలిసిందే. బండి ఆపి కాలు తీశారు. ఒత్తిడి పోయింది, గాలీ పోయింది. డిస్క్‌లోనూ ప్యాడ్లలోనూ ఉన్న వేడి మెల్లగా పిస్టన్ గుండా, ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే కాలిపర్లో ఉన్న ఆయిల్‌కి పాకింది. ఆపిన కొన్ని నిమిషాల తర్వాతే ఆయిల్ అన్నిటికంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. మీరు సరిగ్గా అప్పుడే బండి తీశారు.

వెంకటేశు గారూ, మీది గాలి బ్రేకు. కంప్రెసర్ పీల్చిన గాలిలోని తేమ ట్యాంకులో చల్లబడి అడుక్కి చేరుతుంది, అందుకే కాక్ తిప్పి వదలగలరు. కార్లో నీరు విడిగా ఉండదు, ఆయిల్లో కలిసిపోయి ఉంటుంది. కాక్ తిప్పి వదిలే వీల్లేదు. మీ లారీలో క్లచ్‌కి మాత్రం ఇదే ఆయిల్ ఉంటుంది, ఒకసారి దాని రంగు చూడండి.

నెల్లూరు_నవ్య | సోమవారం, ఉదయం 7:02

మాస్టారూ, మీరు చెప్పింది మాకు జరిగింది జరిగినట్టే ఉంది. టీ తాగుతుంటే ముందు చక్రం దగ్గర నుంచి సెగ కొడుతూనే ఉంది, నేను బాబుని అటు వెళ్లొద్దని లాగాను కూడా. కానీ 155 డిగ్రీలు, 230 డిగ్రీలు అంటే చాలా ఎక్కువ కదా. ఒక్క కొండ దిగితేనే అంత వేడి వస్తుందా?

ప్రయోగశాల | సోమవారం, ఉదయం 8:20

నేను హనుమకొండలో కెమిస్ట్రీ చెబుతాను, కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఈ లెక్క మాత్రం చేసి చూపించగలను.

మీ బండి, ఐదుగురు, సామాను కలిపి 1,400 కిలోలు అనుకుందాం. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. బరువుని ఎత్తుతోను, 9.8తోను గుణిస్తే 96 లక్షల జౌళ్లు వస్తుంది. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 2.7 యూనిట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు రెండు పెట్టి నలభై నిమిషాలు వదిలేస్తే ఎంత వేడి వస్తుందో అంత. ఆ వేడంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. దాదాపు 19 కిలోమీటర్ల దారిలో సుమారు మూడో వంతు టైర్ల రాపిడికే పోతుంది. మిగతా దాంట్లో ఇంజిన్ ఎంత పట్టి ఉంచితే బ్రేకులకి అంత తగ్గుతుంది. నెమ్మదిగా వెళ్తున్న బండి మూడో గేరులో ఉంటే ఇంజిన్ పట్టేది తక్కువ. మిగిలిందంతా బ్రేకులదే, అందులోనూ ఎక్కువ భాగం ముందున్న రెండు డిస్కులది. రెండో గేరులో దిగి ఉంటే డిస్కుల మీద భారం బాగా తగ్గేది.

పాత_స్పానర్ | సోమవారం, ఉదయం 9:10

గీజర్ల లెక్క బాగా చెప్పారు మేడమ్. ఇక సీసా మీది అంకెలు.

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ. వాళ్ల ప్రమాణాన్నే దేశదేశాల వాళ్లూ వాడుకుంటున్నారు. కొత్త సీసా ఆయిల్ కనీసం ఎంత వేడికి మరగాలి, తేమ చేరాక కనీసం ఎంతకి మరగాలి అని ఆ ప్రమాణంలో రెండు హద్దులుంటాయి. డాట్ 3కి కొత్తలో 205, తేమతో 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఇవన్నీ కనీసాలు. మంచి ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది. కాబట్టి రెండు డాట్ 4 సీసాలు ఒకటే అనుకోవద్దు. సీసా వెనక ఆ ఆయిల్ అసలు అంకె రాసి ఉంటే అది చూసి కొనండి.

రెండో అంకె ఎలా తీస్తారో చాలామందికి తెలియదు. నీళ్లు కొలిచి పోసి కలపరు. తేమ నిండిన మూత పాత్రలో ఈ ఆయిల్‌ని, దాంతో పాటు ఒక ప్రామాణిక ద్రవాన్ని ఉంచుతారు. ప్రామాణిక ద్రవంలో నీరు 3.7 శాతానికి చేరగానే రెండింటినీ బయటికి తీస్తారు. అప్పుడు మన ఆయిల్ ఎంతకి మరుగుతుందో చూస్తారు. అంటే అదే తేమలో, అంతసేపు ఉంటే ఈ ఆయిల్ ఏమవుతుందన్నది ఆ అంకెలో ఉంది. తక్కువ పీల్చే ఆయిల్‌కి అక్కడే లాభం.

నవ్యమ్మా, ఏడేళ్లు మార్చని బండికి నేను 230 అంకె వైపు చూడను. నా లెక్కలో మీ కాలిపర్లో ఉన్నది 155 లోపే ఉంటుంది.

డీజిల్_బుల్లోడు | సోమవారం, ఉదయం 9:34

ఫేడ్ సంగతి ఒప్పుకుంటున్నా మాస్టారూ, గట్టి పెడల్, మెత్త పెడల్ తేడా నాకు తెలియదు. కానీ డాట్ 5 సంగతి మీరు ఏమీ చెప్పలేదు. అది సిలికాన్, నీరు అస్సలు పీల్చదు. పీల్చే గుణమే జబ్బు అయినప్పుడు పీల్చని ఆయిల్ పోయడమే మందు కదా?

ప్రయోగశాల | సోమవారం, మధ్యాహ్నం 1:15

బాబూ, ఇది మంచి ప్రశ్న. ఇది తేలితే నవ్య గారి మొదటి ప్రశ్నకీ జవాబు వస్తుంది.

డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ ఈథర్ జాతివి. ఆ అణువు పొడుగ్గా గొలుసులా ఉంటుంది. మామూలుగా వాడే ఒక రకంలో ఆ గొలుసు పొడుగునా నాలుగు ఆక్సిజన్లుంటాయి. నీటి అణువులోని హైడ్రోజన్లకి ఆక్సిజన్ అంటే ప్రీతి, వచ్చి అతుక్కుంటాయి. గాలిలోని తేమ ఆయిల్‌ని తాకిన చోటల్లా ఇదే జరుగుతుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూస్తాం కదా. ఉప్పులో ఆ చెమ్మ కంటికి కనిపిస్తుంది. ఇక్కడ నీరు పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి ఎంత చేరినా చుక్క కనబడదు.

ఇప్పుడు పీల్చని ఆయిల్ అనుకో. దారి దొరికిన తేమ లోపలికి రావడం మానదు. వచ్చాక ఎక్కడికి పోతుంది? కలవదు కాబట్టి చుక్కలుగా విడిపోయి పల్లానికి జారుతుంది. బ్రేకుల్లో పల్లం కాలిపరే, అన్నిటికంటే వేడెక్కే చోటూ అదే. అక్కడ నిలిచిన చుక్క 100 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడి ఇనుము తుప్పు పడుతుంది, చలి దేశాల్లో గడ్డ కడుతుంది. కలిసిపోతే అదే నీరు ఆయిల్ అంతటా పలచగా పరుచుకుని మరిగే హద్దుని 155కో 160కో తగ్గిస్తుంది. 100 కంటే అది నయం. అందుకే పీల్చే గుణం ఉందని తెలిసే ఈ జాతిని వాడుతున్నారు.

పాత_స్పానర్ | సోమవారం, మధ్యాహ్నం 2:00

మేడమ్ చెప్పిందానికి షెడ్డు మాట ఒకటి కలుపుతాను. డాట్ 5 ఊదా రంగులో ఉంటుంది. అందులో గాలి కరుగుతుంది, పెడల్ స్పాంజిలా ఉంటుంది. ఏబీఎస్ ఉన్న బండికి అస్సలు పనికిరాదు. పాత గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు కూడా. డాట్ 5, డాట్ 5.1 పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి ఒకటి పోసినవాళ్లని చూశాను, మొత్తం విప్పి కడగాల్సి వచ్చింది. మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి.

నవ్యమ్మా, నీరు వచ్చే దారులు రెండు. ఒకటి డబ్బా మూత. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్లోకి ఆయిల్ ఎక్కువ దిగుతుంది, డబ్బాలో లెవెల్ తగ్గుతుంది. ఆ ఖాళీలోకి గాలి రావాలి కాబట్టి మూతలో సన్నని దారి ఉంచుతారు. రెండోది చక్రాల దగ్గరున్న రబ్బరు హోస్ పైపులు. చూడ్డానికి గట్టిగానే ఉంటాయి, ఆయిల్ కారదు. కానీ నీటి ఆవిరి అణువు చిన్నది, రబ్బరు గోడలోంచి ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దూరుతుంది. ఈ హోస్ ఉండేది కాలిపర్ పక్కనే. కాబట్టి డబ్బాలో ఉన్న ఆయిల్ కన్నా కాలిపర్ దగ్గరున్న ఆయిల్లో తేమ ఎక్కువ ఉండొచ్చు. టాపప్ చేయిస్తే డబ్బాలోది కొత్తగా, తేటగా కనిపిస్తుంది. కింద మరిగేది మాత్రం ఏడేళ్ల పాతదే. పైగా ప్యాడ్లు అరిగితే తగ్గిన లెవెల్‌ని టాపప్ కప్పేస్తుంది, ప్యాడ్లు చూడాలన్న సూచనా పోతుంది.

సాగరతీరం | సోమవారం, సాయంత్రం 6:45

విశాఖలో బైక్ నడుపుతాను. నాకూ ఒక సందేహం. నా బండికి హ్యాండిల్ మీద చిన్న డబ్బా, మూత తీస్తే లోపల మడతల రబ్బరు ఉంటుంది. లెవెల్ తగ్గినప్పుడు ఆ రబ్బరే కిందికి సాగుతుంది, గాలి నేరుగా ఆయిల్‌ని తాకదు. అయినా రెండేళ్లకి నా ఆయిల్ టీ డికాషన్ రంగులోకి వచ్చేసింది. మా ఊరి సముద్రపు గాలి వల్లా? అనంతపురంలో ఉండే ఫ్రెండ్ బండిలో అదే వయసు ఆయిల్ తేనె రంగులోనే ఉంది.

పాత_స్పానర్ | సోమవారం, రాత్రి 8:05

ఆ రబ్బరు ఉన్నది అందుకే, మూత దారిలో వచ్చే తేమని అది చాలావరకు ఆపుతుంది. హోస్ దారి మిగిలే ఉంది. బైకులో మొత్తం ఆయిలే కొంచెం కాబట్టి కాస్త తేమ చేరినా శాతం పెరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న ఊళ్లో త్వరగా చేరుతుందన్నది నిజమే. కానీ రంగు చూసి తేమ ఎంతని చెప్పకండి. వేడికి, రబ్బరు అరుగుదలకి, ఆయిల్లో కలిపిన మందులు ఖర్చయిపోవడానికి కూడా రంగు మారుతుంది. నీటికి రంగు లేదు. తేటగా ఉండి తేమ నిండిన ఆయిల్ చూశాను, నల్లబడినా మరిగే హద్దు బాగానే ఉన్నదీ చూశాను.

మిషిగన్_మూర్తి | సోమవారం, రాత్రి 11:50

అందరికీ నమస్తే. నాది కొంచెం భిన్నాభిప్రాయం. నేనుండే చోట చాలా కార్లలో డాట్ 3 వాడతారు. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో మార్చే గడువే ఉండదు, చెక్ చేయమని మాత్రమే రాస్తారు. నా పాత సెడాన్‌లో తొమ్మిదేళ్లు మార్చలేదు, ఏమీ కాలేదు. రెండేళ్లకోసారి మార్చమనడం సర్వీస్ సెంటర్ల వ్యాపారం కూడా అయ్యుండొచ్చు. మాకు ఇక్కడ ముఖ్యమైంది ఇంకోటి. చలికాలంలో ఆయిల్ చిక్కబడకూడదు. మైనస్ 40 డిగ్రీల దగ్గర ఎంత పలచగా ఉండాలన్నది కూడా ఆ డాట్ ప్రమాణంలో ఉంది. ఏబీఎస్ వాల్వులు క్షణంలో తెరుచుకుని మూసుకోవాలంటే ఆయిల్ పలచగా పారాలి. డాట్ 5.1 విలువ నాకు తెలిసింది అక్కడే, మరిగే హద్దు దగ్గర కాదు.

పాత_స్పానర్ | మంగళవారం, ఉదయం 6:30

మూర్తి గారూ, మీ తొమ్మిదేళ్ల మాట నేను నమ్ముతాను. చదునైన రోడ్డు మీద తిరిగే కారులో ఆయిల్ 100 డిగ్రీలు దాటే సందర్భమే అరుదు. 140కి మరిగే ఆయిల్‌తో కూడా ఏళ్లు గడిచిపోతాయి. నవ్యమ్మ బండి కూడా నెల్లూరులో ఏడేళ్లు అలాగే గడిపింది. ఒక్క కొండ దిగడంతో బయటపడింది. పలచదనం గురించి మీరు చెప్పింది సరైన మాట.

ప్రయోగశాల | మంగళవారం, ఉదయం 8:10

ఇంకొక్క విషయం చెప్పాలి, డాట్ 4 గురించి. అందులో బోరాన్ ఎస్టర్లు కలుపుతారు. తేమ లోపలికి రాగానే అది వాటితో చర్య జరిపి కట్టుబడిపోతుంది, స్వేచ్ఛగా మరగడానికి మిగలదు. అందుకే డాట్ 3తో పోలిస్తే మొదట్లో మరిగే హద్దు నెమ్మదిగా పడుతుంది. ఆ ఎస్టర్లు ఖర్చయ్యేకొద్దీ ఆ రక్షణా తగ్గుతుంది. ఏడేళ్లంటే అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

నీరు ఇంత కొంచెమే కదా అని కూడా అనుకోవద్దు. బ్రేకుల్లో 600 మిల్లీలీటర్ల ఆయిల్ ఉందనుకుంటే 3.7 శాతం అంటే 22 మిల్లీలీటర్లు, నాలుగు టీస్పూన్ల పైచిలుకు. అందులో ఒక్క మిల్లీలీటరు ఆవిరైనా మామూలు ఒత్తిడి దగ్గర 1,600 మిల్లీలీటర్లు దాటుతుంది. పెడల్ పూర్తిగా తొక్కితే కదిలే ఆయిల్ కొన్ని మిల్లీలీటర్లే. చిన్న చుక్కలో కొంత భాగం ఆవిరైనా పెడల్ ఖాళీ అయిపోతుంది.

డీజిల్_బుల్లోడు | మంగళవారం, ఉదయం 8:42

ఆన్‌లైన్‌లో పెన్ను లాంటి టెస్టర్ దొరుకుతోంది. డబ్బాలో ముంచితే పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు వెలుగుతాయి. అక్కకి అది చాలదా?

పాత_స్పానర్ | మంగళవారం, ఉదయం 9:15

అది ఆయిల్ గుండా కరెంటు ఎంత పారుతుందో చూసి నీటి శాతం ఊహిస్తుంది. ఒక్కో కంపెనీ ఆయిల్లో కలిపే మందులు ఒక్కోలా ఉంటాయి, కరెంటు పారడం కూడా అలాగే మారుతుంది. కొత్త సీసాలో ముంచినా పసుపు చూపించిన పెన్నులున్నాయి. పైగా అది చూసేది డబ్బాలోది. కొద్దిగా ఆయిల్ తీసుకుని నిజంగా వేడిచేసి మరిగే డిగ్రీ చూపించే మిషన్ ఉంటుంది, పెద్ద వర్క్‌షాపుల్లో అడగండి. డబ్బాలోది ఒకసారి, ముందు కాలిపర్ మీద ఆయిల్ వదిలే నిపిల్ నుంచి తీసింది ఒకసారి పెట్టించండి.

నెల్లూరు_నవ్య | గురువారం, సాయంత్రం 5:20

మాస్టారూ, మేడమ్, అందరికీ ధన్యవాదాలు. నిన్న నెల్లూరులోనే ఆ మిషన్ ఉన్న వర్క్‌షాపు దొరికింది. దగ్గరుండి చూశాను. డబ్బాలోది తీసి పెడితే 171 చూపించింది. ముందు కుడి కాలిపర్ నుంచి తీసింది 148. అక్కడే కొత్త డాట్ 4 సీసా సీలు తీసి అదీ పెట్టారు, 240 దాటింది. డబ్బాలోది తేనె రంగు, కాలిపర్‌ది బురద నీళ్ల రంగు, పక్కపక్కన రెండు గ్లాసుల్లో పోసి పెడితే ఒకే బండివంటే మావారు నమ్మలేదు. బిల్లులో రెండుసార్లు టాపప్ ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమైంది.

రేపు మార్పిస్తున్నాం. నేను పక్కనే ఉండి ఏం చూడాలి?

పాత_స్పానర్ | గురువారం, రాత్రి 7:40

148! కొండ దిగాక ఆ పెడల్ పోవడంలో ఆశ్చర్యం లేదమ్మా.

ముందు డబ్బాలోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది నింపమనండి, లేకపోతే ఆ పాతదే మళ్లీ లైన్లన్నీ తిరుగుతుంది. సీసా మీ ముందే సీలు తియ్యాలి. సగం వాడి మూలన పెట్టిన సీసా వద్దనండి, అది అప్పటికే గాలి పీలుస్తూ ఉంటుంది. లీటరు కొనండి, మిగిలితే మిగలనివ్వండి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బళ్లకి, పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు. నిపిల్‌కి తేటగా కనిపించే పైపు తగిలించి, దాని కొస సీసాలోని ఆయిల్లో మునిగి ఉండాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపిల్ వదులు చేసి బిగించాలి, ఆ తర్వాతే కాలు తియ్యాలి. పైపులో కొత్త రంగు వచ్చేదాకా ప్రతి చక్రానికీ ఇంతే. మధ్యమధ్యలో డబ్బా చూస్తూ ఉండండి. అది ఖాళీ అయి గాలి లాగిందంటే పని మొదటికొస్తుంది.

పాత బండి కాబట్టి ఒక్క జాగ్రత్త. పెడల్‌ని నేల దాకా తొక్కనివ్వకండి. మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ తిరగని ఆ చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. సీలు దాని మీదికి వెళ్తే చిరిగి, ఆయిల్ మార్చిన వారానికి మాస్టర్ సిలిండర్ పోతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టమనండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, ఆలస్యమైతే పెయింటు లేచిపోతుంది.

సాగరతీరం | గురువారం, రాత్రి 8:30

మాస్టారూ, ఏబీఎస్ బ్లాకులో ఇరుక్కున్న పాత ఆయిల్ సంగతేమిటి? పెడల్ నొక్కి బ్లీడ్ చేస్తే అది బయటికి రాదంటారు. మా మెకానిక్ అది అవసరం లేదంటాడు, ఇంకొకాయన కంప్యూటర్ పెట్టి వాల్వులు కొట్టించాల్సిందే అంటాడు.

పాత_స్పానర్ | గురువారం, రాత్రి 9:05

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. లోపలి కొన్ని గదులు మామూలు బ్లీడింగ్‌లో తెరుచుకోవు, స్కానర్‌తోనే తెరుచుకుంటాయి. కొన్ని బళ్లకి కంపెనీయే అది తప్పనిసరి అంటుంది, కొన్నిటికి బ్లాకు విప్పినప్పుడే అంటుంది. అక్కడ ఉండేది కొద్ది ఆయిల్, అది కాలిపర్ అంత వేడెక్కదు. నేనైతే స్కానర్ దొరికితే చేయిస్తాను, దొరకలేదని ఆయిల్ మార్పు ఆపను.

మిషిగన్_మూర్తి | గురువారం, రాత్రి 11:15

నవ్య గారి 171, 148 చూశాక నా కాలిపర్ నుంచి కూడా తీయించి చూడాలనిపిస్తోంది. మాన్యువల్‌లో గడువు లేదన్నది నిజమే, కానీ నేనిన్నాళ్లూ చూసిందల్లా డబ్బాలో లెవెల్ మాత్రమే. వచ్చే నెల కొలరాడో కొండల వైపు వెళ్తున్నాం, ఈలోపే పెట్టిస్తాను.

నెల్లూరు_నవ్య | శనివారం, మధ్యాహ్నం 12:10

మార్పించేశాం. మొత్తం ఆయిల్ 850 మిల్లీలీటర్ల దాకా పట్టింది. వెనక కుడి చక్రం నుంచి వచ్చింది కాఫీ డికాషన్‌లా ఉంది. పెడల్ కింద చెక్క ముక్క నేనే పెట్టించాను, మెకానిక్ కుర్రాడు ఎందుకని అడిగి, చెప్పాక తల ఊపాడు. ఏబీఎస్ స్కానర్ వాళ్ల దగ్గర లేదు, వచ్చే సర్వీసులో చేయిస్తాం. చివర్లో ముందు కుడి కాలిపర్ నుంచి కొత్త ఆయిల్ తీసి మళ్లీ మిషన్‌లో పెట్టించాను. 233 వచ్చింది. సీసాలో ఉన్నదానికి కాస్త తక్కువే. మాస్టారూ, పాతది ఇంకా కొంచెం లోపల మిగిలిందంటారా?

పాత_స్పానర్ | శనివారం, మధ్యాహ్నం 1:30

ఆ కాస్త తేడా అదే అయ్యుంటుందమ్మా, కాలిపర్ మూలల్లో కొంచెం ఎప్పుడూ మిగులుతుంది. 233 చాలు, మళ్లీ విప్పించక్కర్లేదు. తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఈసారి కొండ దిగేటప్పుడు రెండో గేరు వేయమనండి. కాలు ఎప్పుడూ బ్రేక్ మీదే ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తగ్గించి పూర్తిగా వదిలెయ్యమనండి. కిందికి వచ్చాక వాసన వచ్చినా, చక్రం దగ్గర సెగ ఉన్నా, టీకి పది నిమిషాలు కాకుండా ముప్పావు గంట కూర్చోండి. బయల్దేరే ముందు బండి నిలబడి ఉండగానే పెడల్ ఒకసారి నొక్కి చూడండి.